ఎనిమిదికి ప్రాస కలిసింది

1998లో అమెరికాలో నార్‌వెస్ట్ బ్యాంకు వెల్స్ ఫార్గోతో కలిసిపోయినప్పుడు తనతో పాటు ఒక అంకెను కూడా తీసుకొచ్చింది. అది ఎనిమిది. ఖాతాదారు ఇంటికి ఒకటీ రెండూ కాదు, ఎనిమిది అమ్మాలి. పొదుపు ఖాతా, చెకింగ్ ఖాతా, డెబిట్ కార్డు, క్రెడిట్ కార్డు, ఇంటి అప్పు, ఇలా. ఎనిమిదే ఎందుకంటే ఇంగ్లీషులో 'ఎయిట్'కి 'గ్రేట్' ప్రాస కలుస్తుంది. ఇది నా వెటకారం కాదు, బ్యాంకు తానే చెప్పుకున్న కారణం.

నేను పద్దెనిమిదేళ్లు కౌంటరు వెనక కూర్చున్నదాన్ని. మార్చి వచ్చిందంటే బీమా పాలసీలు ఎన్ని అమ్మారని పైనుంచి ఫోన్లు వచ్చేవి. ఫోన్ మోగితే కడుపులో తిప్పేది. అందుకని 2016లో వెల్స్ ఫార్గో బాగోతం బయటపడి, 'ఉద్యోగులు దొంగ ఖాతాలు తెరిచారు' అని పత్రికలు రాసినప్పుడు, పొద్దున్నే ఆ ఉద్యోగుల ముందు ఎంత లెక్క పెట్టేవారో తెలుసుకోవాలనిపించింది. 2017 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు స్వతంత్ర డైరెక్టర్లు విచారణ నివేదిక బయటపెట్టారు. ఓపిగ్గా చదివితే జవాబు అందులోనే ఉంది.

బ్రాంచిని వాళ్లు 'స్టోర్' అనేవారు. ఏడాది లక్ష్యం పైన నిర్ణయమై, ప్రాంతాలకీ స్టోర్లకీ పంచబడి, చివరికి ఒక్కో మనిషికి రోజుకి ఇన్ని అనే లెక్కగా దిగేది. నిరుడు అమ్మింది ఈ ఏటికి మొదటి మెట్టు. కష్టపడి లక్ష్యం అందుకున్నవాళ్లకి మరుసటేడు అంతకన్నా పెద్ద లక్ష్యం వచ్చేది. ఎవరు ముందున్నారో, ఎవరు వెనకబడ్డారో చెప్పే జాబితాలు రోజూ వచ్చేవి. నన్ను ఎక్కువగా ఆపింది మరొక సంగతి. ఈ పథకాలకి లోపల 'ఫిఫ్టీ ఫిఫ్టీ' అని పేరుండేది. ప్రాంతాల్లో సగమే లక్ష్యాన్ని అందుకుంటాయని పైవాళ్లకి ముందే తెలుసు. అంటే మిగతా సగం తప్పడం కూడా పథకంలో భాగమే. తప్పినవాళ్లకి మాత్రం అది తమ చేతకానితనంగానే కనిపించేది.

2003 నుంచి ప్రతి జనవరిలో ప్రత్యేక ప్రచారం ఉండేది. ఆ నెల రోజువారీ లక్ష్యం ఇంకా ఎక్కువ. బంధువుల, స్నేహితుల పేర్లు జాబితా రాసుకోమనేవారు. దాంతో కొందరు డిసెంబరులో వచ్చిన దరఖాస్తుల్ని దాచిపెట్టి జనవరిలో తెరిచేవారు. ఒక బ్రాంచి మేనేజరు ఇంటి లెక్క నివేదికలో ఉంది: టీనేజ్ కూతురికి 24 ఖాతాలు, పెద్ద కూతురికి 18, భర్తకి 21, తమ్ముడో అన్నో ఒకరికి 14, తండ్రికి 4. లక్ష్యం ఇంట్లోకి ఎలా వస్తుందో ఇంతకన్నా బాగా చెప్పే కాగితం నేను చూడలేదు.

బయటివాళ్ల పేరు మీద తెరిచినవి గుర్తుపట్టడం పెద్ద కష్టమేమీ కాదు. నిజంగా కావాలనుకున్న మనిషి ఖాతాలో కొద్ది రోజుల్లో డబ్బు పడుతుంది. ఎవరూ అడగని ఖాతా ఖాళీగా ఉంటుంది. ఖాతాదారు ఈమెయిల్ గడిలో `noname@wellsfargo.com` లాంటివి కనిపిస్తాయి. అమ్మకాలు పెరిగేకొద్దీ డబ్బు పడ్డ ఖాతాల శాతం తగ్గుతూ వచ్చింది. ఆ సంఖ్యలు పైవాళ్ల దగ్గర ఉన్నాయి. అయినా వాళ్లు ఏళ్ల తరబడి దాన్ని కొందరు ఉద్యోగుల బుద్ధిలోపంగానే లెక్కగట్టారు. 2011 నుంచి 2016 దాకా సుమారు 5,300 మందిని తీసేశారు. లక్ష్యాలు మాత్రం 2016 అక్టోబరు దాకా పోలేదు.

ఆ రిటైల్ విభాగానికి అధిపతి ఒక స్త్రీ, కారీ టోల్‌స్టెడ్. ఈ మాట దాటేసి వెళ్లడం మనకి కుదరదు. కౌంటరు దగ్గర ఆడవాళ్లు, పై గదిలోనూ ఒక ఆడమనిషి. ఆమె ఎనిమిదిని కనిపెట్టలేదు, పైకి వచ్చింది మాత్రం దాని మీదే. ఆమె మీద వచ్చిన కోపంలో కొంత ఆడదన్న కోపం కూడా ఉందనుకుంటాను. అలాగని ఆమె బాధ్యత తగ్గదు. తనిఖీకి అడ్డుపడినట్టు 2023లో ఒప్పుకుంది. జైలు పడలేదు, మూడేళ్ల ప్రొబేషన్ పడింది.

కాలిఫోర్నియాలో సెయింట్ హెలీనా అని ఒక చిన్న ఊరుంది. అక్కడి బ్రాంచిలో చేసిన ఒక మహిళ వేసిన దావాలో లెక్క ఇలా ఉంది: బ్రాంచి ఏడాదికి సుమారు 12,000 ఖాతాలు తెరవాలి. అక్కడ ఖాతా తెరవగల మనుషులు సుమారు 11,500 మంది. వాళ్లకోసం పోటీపడే ఆర్థిక సంస్థలు ఇంకో 11. దొంగ ఖాతాల గురించి ఆమె పైవాళ్లకి ఫిర్యాదు చేసింది. 2010లో ఉద్యోగం పోయింది. బ్యాంకు దానికి వేరే కారణం చెప్పింది. దావా ఓడిపోయింది.