పత్తి తేమ కొలత: మీటరుకూ ఓవెన్‌కూ మధ్య తేడా

ఒకే కుప్పలోంచి తీసిన పత్తికి మార్కెట్ యార్డులోని మీటరు ఒక తేమ శాతాన్ని, ప్రయోగశాల ఓవెన్ మరో శాతాన్ని చూపడం పత్తి వ్యాపారంలో పాత తగాదా. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోనూ, ఉమ్మడి కరీంనగర్‌లో జమ్మికుంట వంటి మార్కెట్లలోనూ దీనికి డబ్బు లెక్క ముడిపడి ఉంది. భారత పత్తి సంస్థ (సీసీఐ) మద్దతు ధర 8 శాతం తేమకు వర్తిస్తుంది. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత పడుతుంది. 12 దాటితే కొనరు. 2024-25లో పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు కాబట్టి, 12 శాతం దగ్గర రైతుకు దక్కేది సుమారు 7,220 రూపాయలు. అంటే మీటరులో ఒక శాతం తేడా వస్తే క్వింటాలుకు 75 రూపాయలు అటోఇటో అవుతుంది. గీత దగ్గర ఉన్న బండికైతే అమ్మకమే ఆగిపోతుంది.

మీటర్లు రాకముందు గుప్పెట పట్టి చూసి, గింజ కొరికి తేమ తేల్చేవారు. ఇప్పుడు యార్డుల్లో కనిపించేవి ఎక్కువగా విద్యుత్ నిరోధంతో పనిచేసేవి. పత్తిలోకి సూదులు గుచ్చినా, గిన్నెలో వేసి అదిమినా మీటరు చూసేది ఒక్కటే: దూది గుండా కరెంటు ఎంత తేలిగ్గా పోతోందన్నది. నీరు పెరిగేకొద్దీ నిరోధం బాగా పడిపోతుంది, ఆ పతనాన్నే మీటరు శాతంగా మార్చి చూపుతుంది. అందువల్ల ఎంత గట్టిగా అదిమారు, పత్తి ఎంత వేడిగా ఉంది, పైన మంచు పట్టిందా అన్నవన్నీ ఆ అంకెలో చేరతాయి. మరీ ముఖ్యమైనది ఇంకొకటుంది. విత్తన పత్తి బరువులో సుమారు మూడింట రెండు వంతులు గింజదే, కానీ సూది తగిలేది ప్రధానంగా దూదికి. దూది గాలిలోని తేమను త్వరగా పీల్చి త్వరగా వదులుతుంది, గింజ నిదానంగా కదులుతుంది. శీతాకాలపు ఆదిలాబాద్ ఉదయం మంచులో నిలబడిన బండిని కొలిచినప్పుడు దూది తడిగా, గింజ పొడిగా ఉండటం అసాధారణం కాదు.

ఓవెన్ పద్ధతిలో తూచిన పత్తిని 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెట్టి, తగ్గిన బరువును నీరుగా లెక్కిస్తారు. ఇక్కడ దూది, గింజ రెండూ లెక్కలోకి వస్తాయి. దీన్ని ప్రమాణ పద్ధతి అంటారు గానీ, తప్పులకు అతీతమేమీ కాదు. ఓవెన్‌లోకి వెళ్లే గాలే తేమగా ఉంటే కొంత నీరు పత్తిలో మిగిలిపోతుంది, మరోపక్క నీరు కాని కొన్ని పదార్థాలు కూడా ఎగిరిపోవచ్చు. ఈ సందేహం తీర్చుకోవాలంటే నీటితో మాత్రమే చర్య జరిపే కార్ల్ ఫిషర్ పరీక్ష ఉంది. యార్డు తగాదాల స్థాయికి అంత సూక్ష్మత సాధారణంగా అవసరపడదు.

పోలిక పనికిరాకుండా పోయేది ఎక్కువగా నమూనా దగ్గరే. కుప్ప పైన, నడుమ, అడుగున తీసిన పత్తిని కలిపి, అక్కడికక్కడే మీటరుతో మూడుసార్లు చూసి, వెంటనే గాలి చొరని డబ్బాలో మూసి తూచాలి. గుడ్డసంచిలో వేసి మధ్యాహ్నం దాకా ఉంచితే దారిలోనే నీరు పోతుంది, ఆ తప్పంతా మీటరు మీద పడుతుంది. ఓవెన్ దగ్గర తూచేవారికి మీటరు అంకె తెలియకూడదు. మూడు మీటరు రీడింగులు ఒకదానితో ఒకటే అర శాతం తేడాగా ఉంటే, ఓవెన్‌తో అంతకన్నా దగ్గరి పొత్తు ఆశించి లాభం లేదు.

తేడాను ఎలా చూడాలో ఆరు కుప్పల ఊహాత్మక ఉదాహరణతో తెలుస్తుంది. మీటరు వరుసగా 9, 10, 11, 12, 13, 14.5 చూపిందనుకుందాం; ఓవెన్ 8.6, 9.4, 10.3, 10.9, 11.6, 12.4 ఇచ్చిందనుకుందాం. రెండు వరుసలూ కలిసే పెరుగుతున్నాయి కాబట్టి సహసంబంధం దాదాపు 1 వస్తుంది. దాన్ని చూసి రెండు పద్ధతులూ ఒకటేనని రాసిన నివేదికలు తక్కువేమీ లేవు. కానీ మీటరు సగటున 1.05 ఎక్కువ చూపుతోంది. సహసంబంధం ఈ తేడాను పట్టుకోదు. ప్రతి కుప్పకూ తేడాను లెక్కగట్టి, దాన్ని రెండు రీడింగుల సగటుకు ఎదురుగా గుర్తించే పటం ఇందుకు తగినది. దీన్ని మార్టిన్ బ్లాండ్, డగ్లస్ ఆల్ట్‌మన్ పేర్లతో పిలుస్తారు. ఎక్కువమంది 1986లో లాన్సెట్‌లో వచ్చిన వ్యాసాన్ని దీని పుట్టుకగా చెబుతారు. కానీ వీరిద్దరి వాదం 1983లోనే స్టాటిస్టీషియన్ పత్రికలో వచ్చింది కాబట్టి ఆ తేదీని తీసుకోవడమే సబబుగా తోస్తుంది.

పై అంకెల్లో తేడా 0.4తో మొదలై 2.1 దాకా పెరుగుతోంది. ఇలా పెరిగేటప్పుడు ‘సగటు తేడా 1.05’ అని ఒక్క వాక్యంలో తేల్చడం తప్పుదారి పట్టించడమే. పైగా పెరిగే తీరు ఒక అనుమానాన్ని రేపాలి: రెండు పద్ధతులూ ఒకే భాగహారం వాడుతున్నాయా? వంద గ్రాముల పత్తి ఆరాక 88.4 గ్రాములు మిగిలితే, పోయిన 11.6 గ్రాములను తడి బరువుతో భాగిస్తే 11.6 శాతం, పొడి బరువుతో భాగిస్తే 13.1 శాతం. జౌళి రంగంలో రీగెయిన్ అనేది ఈ రెండోదే. ఓవెన్ వరుసనంతా పొడి బరువు లెక్కకు మార్చి చూస్తే మొదటి ఐదు కుప్పల్లో మీటరు అర శాతం లోపే ఉంది, అది కూడా కొంచెం తక్కువ వైపు. పెద్ద తేడా అనిపించింది చాలావరకు పరికరానిది కాదు, లెక్కది. మీటరు వెంట వచ్చిన పుస్తకంలో ఏ లెక్క రాశారో మొదట చూడాలనేది ఇందుకే. కోతల పట్టిక ఏ లెక్కలో వేశారన్నది తేలకుండా ‘మీటరు తప్పు’ అని రాయకూడదు: అయిదో కుప్పను ఒక లెక్కలో కొనవచ్చు, ఇంకో లెక్కలో కొనకూడదు.

మార్చాక కూడా ఆరో కుప్ప ఒక్కటి ఎదురు దిక్కులో ఉంది: ఓవెన్ 14.2, మీటరు 14.5. మంచు పట్టిన పై దూదిని మీటరు పట్టుకున్నప్పుడు వచ్చే గుర్తు ఇది. రెండు గంటలు ఎండలో పరచి, మళ్లీ కొలిస్తే మీటరు అంకె ఓవెన్ అంకె కన్నా వేగంగా దిగాలి. అలా దిగితే కారణం మంచే. దిగకపోతే తయారీదారు ఇచ్చిన ప్రమాణ నిరోధంతో మీటరునే తనిఖీ చేయాలి.

మరి దేన్ని నమ్మాలి? నీటి బరువుకు డబ్బు ఇస్తున్నామా లేదా అన్నదే ప్రశ్నైతే ఓవెన్ వైపే మొగ్గాలి, ఎందుకంటే అది గింజతో సహా మొత్తం సరుకును తూస్తుంది. జిన్నింగ్ మిల్లు యజమాని ఆందోళన వేరు: పింజ తెగకుండా, చెత్త సులువుగా విడిపోయేలా దూదిలో తేమ 6 నుంచి 8 శాతం మధ్య ఉంటే చాలు. అతనికి సూది తగిలే దూదే అసలు విషయం. అయితే బారులు తీరిన బండ్ల మధ్య గంటల తరబడి ఓవెన్ ఆరే దాకా ఎవరూ ఆగరు. కాబట్టి ఆచరణలో మీటరే నడుస్తుంది, ఓవెన్ దాన్ని సరిచేసే పాత్రకు పరిమితమవుతుంది.

కరీంనగర్ వైపు వడ్ల కొనుగోలులో 17 శాతం గీత దగ్గర ఇలాంటి వాదనే నడుస్తుంది, కానీ కారణం తలకిందులు. ఎండలో అప్పుడే ఆరిన వడ్లకు పొట్టు పొడిగా, గింజ లోపల తేమగా ఉంటుంది. నలగగొట్టకుండా కొలిచే మీటరు ఆ సమయంలో తక్కువ చూపవచ్చు, రాశి ఒక రాత్రి నిలిచాక అంకె కొంత ఎక్కుతుంది. వేడి రాశిని వెంటనే కొలిచి ఓవెన్‌తో పోల్చిన నివేదికల్లో, రాశి ఎంతసేపు చల్లారిందో రాసి ఉంటేనే ఆ తేడాను లెక్కలోకి తీసుకోవచ్చు.