గుంపులు కట్టింది కంప్యూటరు, పేర్లు పెట్టిందెవరు?

శాటిలైట్ ఫొటోని కంప్యూటరుకి ఇస్తే అదే పొలాలు, చెరువులు, అడవులు గుర్తుపట్టేస్తుందని మనలో చాలామందికి ఓ నమ్మకం. దానికి ముందు "అన్‌సూపర్వైజ్డ్" అనే మాట తగిలిస్తే ఇక మనిషితో పనే లేదనుకుంటాం. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి ఈ మాట నేను రోజూ వింటుంటాను. దీని మీద నాకో అభిప్రాయం ఉంది. అది చెప్పాలంటే మిమ్మల్ని ఓ యాభై ఏళ్ళు వెనక్కి, సోవియట్ యూనియన్ గోధుమ పొలాల మీదకి తీసుకెళ్ళాలి.

1972లో సోవియట్ యూనియన్‌లో పంట దెబ్బతింది. ఆ సంగతి బయటికి పొక్కకుండానే వాళ్ళు అమెరికా వ్యాపారుల దగ్గర విడివిడిగా బేరాలాడి కోటి టన్నులకి పైగా గోధుమలు కొనేశారు. ఎంత కొన్నారో అమెరికా ప్రభుత్వానికి తెలిసేసరికి ఆలస్యమైపోయింది. పైగా అప్పటి పద్ధతి ప్రకారం ఆ ఎగుమతికి సబ్సిడీ కూడా ఇచ్చారు! తర్వాత గోధుమ ధర చుక్కలనంటింది, రొట్టె కొనుక్కునే ప్రతివాడూ ఆ భారం మోశాడు. అవతలివాడి పొలంలో ఎంత పంట ఉందో ముందే తెలిస్తే ఈ తిప్పలుండవు కదా అనే ఆలోచన అప్పుడు గట్టిపడింది. సరిగ్గా అదే ఏడాది జూలై 23న మొదటి లాండ్‌శాట్ ఎగిరింది. పద్దెనిమిది రోజులకోసారి అదే చోటుకి వచ్చి నాలుగు బ్యాండ్లలో ఫొటో తీసేది. ఆకుపచ్చ, ఎరుపు, కంటికి కనపడని రెండు ఇన్‌ఫ్రారెడ్ బ్యాండ్లు. ఒక్కో పిక్సెల్ నేల మీద దాదాపు 79 మీటర్లు.

1974లో నాసా, అమెరికా వ్యవసాయ శాఖ, వాతావరణం చూసే నోవా కలిసి ఓ ప్రయోగం మొదలుపెట్టాయి. పేరు లార్జ్ ఏరియా క్రాప్ ఇన్వెంటరీ ఎక్స్‌పెరిమెంట్, పొట్టిగా లేసీ. పని హ్యూస్టన్‌లోని జాన్సన్ స్పేస్ సెంటర్‌లో జరిగేది. మామూలుగా అయితే పొలానికెళ్ళి ఇది గోధుమ, ఇది మొక్కజొన్న అని రాసుకొచ్చి, ఆ నమూనాలతో కంప్యూటరుకి నేర్పిస్తారు. కానీ కోల్డ్ వార్ రోజుల్లో ఉక్రెయిన్‌కో కజకిస్తాన్‌కో మనిషిని పంపి "బాబూ, ఈ చేలో ఏం వేశావు?" అని అడిగించలేరు కదా. అందుకని గుంపులు కట్టే పద్ధతి పట్టుకున్నారు.

గుంపులు కట్టడమంటే ఏమిటో చిన్న లెక్కతో చూద్దాం (అంకెలు నావే). ఒక్కో పిక్సెల్‌కి రెండే విలువలు తీసుకుందాం: ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్. మొదటి పిక్సెల్ (20, 60), రెండోది (22, 56), మూడోది (35, 38). మొదటిదాన్నీ మూడోదాన్నీ రెండు గుంపులకి కేంద్రాలనుకుందాం. రెండో పిక్సెల్ మొదటిదానికి 4.5 దూరంలో ఉంది, మూడోదానికి 22 దూరంలో. కాబట్టి మొదటి గుంపులో చేరుతుంది. ఇప్పుడు ఆ గుంపు సగటు (21, 58), అదే కొత్త కేంద్రం. మళ్ళీ అన్ని పిక్సెళ్ళకీ దూరాలు కొలవడం, మళ్ళీ సగటు తీయడం. కేంద్రాలు కదలకుండా నిలబడేదాకా ఇదే పని. కె-మీన్స్ అంటే ఇంతే.

1957లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ లాయిడ్ టెలిఫోను సంకేతాలని అంకెల్లోకి మార్చే గొడవలో పడి ఈ లెక్క రాసుకున్నాడు, అది అచ్చయింది మాత్రం 1982లో. కె-మీన్స్ అనే పేరు 1967లో జేమ్స్ మెక్వీన్ పెట్టాడు. ఈలోపు 1965లో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో బాల్, హాల్ అనే ఇద్దరు ఐసోడేటా అని దీనికో తమ్ముణ్ణి తయారుచేశారు. మరీ పెద్దగా పరుచుకున్న గుంపుని రెండుగా చీల్చడం, మరీ దగ్గరగా ఉన్నవాటిని కలిపేయడం దీనికున్న అదనపు తెలివి. లేసీలో వాడింది ఈ తమ్ముడి వంశమే. ఇందులో ఎక్కడా పొలం లేదు, పంట లేదు, ఉన్నవి అంకెలే. లెక్క ముగిశాక చేతికొచ్చేది "గుంపు 7" అనే పేరు మాత్రమే. గుంపు 7 గోధుమా, గడ్డా, బీడా అన్నది కంప్యూటరుకి తెలీదు. అప్పటి రిమోట్ సెన్సింగ్ వాళ్ళు దీన్ని చక్కగా విడదీసి చెప్పేవారు. రంగుని బట్టి వచ్చేది స్పెక్ట్రల్ క్లాసు, మనకి పనికొచ్చేది ఇన్ఫర్మేషన్ క్లాసు. ఈ రెంటికీ మధ్య వంతెన మనిషే కట్టాలి.

హ్యూస్టన్‌లో ఆ వంతెన ఎలా కట్టారో చూడండి. దేశం మొత్తం కాకుండా అక్కడక్కడా ముక్కలు ఎంచుకున్నారు. ఒక్కో ముక్క 5 నాటికల్ మైళ్ళు, 6 నాటికల్ మైళ్ళు. ఫొటోలో 117 వరుసలు, వరుసకి 196 పిక్సెళ్ళు, మొత్తం 22,932. ఇందులో ప్రతి పదో వరుసలో ప్రతి పదో పిక్సెల్ మీద ఓ చుక్క పెడితే 11 వరుసల్లో 19 చొప్పున 209 చుక్కలొస్తాయి. అనలిస్టు ఆ చుక్కల్లో కొన్నింటికి ఒక్కొక్కదానికే పేరు పెట్టేవాడు.

పొలం చూడకుండా పేరెలా పెట్టాడు అంటారా? కాలాన్ని బట్టి. ఒకే ముక్కకి సీజన్లో మూడు నాలుగు తేదీల ఫొటోలు పక్కపక్కన పెట్టుకునేవాడు. ఇన్‌ఫ్రారెడ్‌ని ఎరుపుగా చూపించే ఆ ఫొటోల్లో పచ్చటి పైరు ఎర్రగా కనిపిస్తుంది. శీతాకాలపు గోధుమ వసంతం మొదట్లోనే, మిగతా చేలు ఇంకా దుక్కిలో ఉండగానే, ఎర్రబడుతుంది. వేసవి మధ్యలో మిగతావి ఎర్రగా ఉంటే ఇది పండి పాలిపోతుంది. ఆ ఊళ్ళో ఏ నెలలో ఏ పంట ఏ దశలో ఉంటుందో చెప్పే పంటల క్యాలెండరు, ఆ ఏటి వాతావరణం పక్కన పెట్టుకుని తీర్పు చెప్పేవాడు. మన తాతలు మేఘం చూసి వాన చెప్పినట్టే, కాకపోతే కుర్చీలో కూర్చుని.

1976-77లో, ప్రయోగం మూడో దశలో, వాడిన పద్ధతికి ప్రొసీజర్ 1 అని పేరు. ఇందులో చుక్కల్ని రెండు జట్లు చేశారు. మొదటి జట్టు చుక్కలు గుంపులకి తొలి కేంద్రాలు, ఆ తర్వాత గుంపులకి పేర్లు వచ్చేదీ వీటినుంచే. ఆ గుంపుల ఆధారంగా మొత్తం పిక్సెళ్ళని పంట, పంట కానిది అని రెండుగా విడగొట్టేవారు. రెండో జట్టు చుక్కల్ని మాత్రం ఈ పనిలో వేలు పెట్టనివ్వలేదు. అవి లెక్క సరిచూడ్డానికి.

ఆ సరిచూడ్డం నాకు భలే నచ్చింది. నావే అంకెలతో చెప్తాను. కంప్యూటరు ముక్కలో 40 శాతం పంట అంది. రెండో జట్టులో 100 చుక్కలు: 40 పంట భాగంలో పడ్డాయి, 60 మిగతాదాంట్లో. ఆ 40లో అనలిస్టు పంట అన్నవి 32, అంటే పదింట ఎనిమిది. మిగతా 60లో పంట అన్నవి 3, అంటే ఇరవైకి ఒకటి. ఇప్పుడు 40 శాతంలో 0.8 వంతు అంటే 32, 60 శాతంలో 0.05 వంతు అంటే 3. మొత్తం 35 శాతం. ఫొటోలో ఏ పిక్సెల్ తప్పో తెలీదు, మ్యాపు అలాగే ఉంటుంది, కానీ విస్తీర్ణం మాత్రం 40 నుంచి 35కి దిగింది. పంట లెక్కకి కావలసింది విస్తీర్ణమే.

ఇక్కడే ఓ మెలిక. రెండు జట్లకీ పేర్లు పెట్టింది అదే అనలిస్టు. అతను బార్లీని గోధుమ అనుకుంటే రెండు చోట్లా అలాగే అనుకుంటాడు. లెక్క చక్కగా సరిపోతుంది, జవాబు చక్కగా తప్పుతుంది! ఈ దిద్దుబాటు కంప్యూటరుకీ అనలిస్టుకీ మధ్య తేడాని సరిచేస్తుందే తప్ప అనలిస్టుకీ నేలకీ మధ్య తేడాని కాదు. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. అందుకే అమెరికాలోనే కొన్ని ముక్కల్లో పొలాలన్నీ మనుషులతో చూపించి, ఆ జవాబులు అనలిస్టుల కంటపడకుండా దాచి, తర్వాత పోల్చారు. వాటిని బ్లైండ్ సైట్లు అనేవారు.

ఆ పోలికలో బయటపడ్డవి రెండు. ఒకటి, వసంతకాలపు గోధుమనీ బార్లీనీ నమ్మకంగా విడదీయలేకపోయారు, రెండూ ఒకేసారి పచ్చబడి ఒకేసారి పండుతాయి మరి. అందుకని అన్నిటినీ "చిన్న గింజల పంటలు" అని ఒకే పేరుకింద కొలిచి, అందులో గోధుమ వాటాని పాత గణాంకాలనుంచి తీసుకున్నారు. రెండు, ఒక పట్టీ సాగు, పక్క పట్టీ బీడు వదిలే అమెరికా ఉత్తర మైదానాల్లోనూ కెనడాలోనూ విస్తీర్ణం తక్కువొచ్చింది. పట్టీ వెడల్పు పిక్సెల్‌కి దగ్గరగా ఉంటే సగం పైరు, సగం మట్టి కలిసి రెంటికీ చెందని రంగొస్తుంది. అలాంటి గుంపుకి ఏ పేరు పెట్టినా తప్పే.

మరి అసలు పరీక్ష? 1977లో సోవియట్ గోధుమ మీద లేసీ చివరి అంచనా 9.1 కోట్ల టన్నుల పైచిలుకు. తర్వాత సోవియట్ ప్రభుత్వం ప్రకటించింది 9.2 కోట్లు. మంచి ఫలితమే, కానీ మొత్తం ఘనత గుంపులకి కట్టబెట్టకండి. విస్తీర్ణం మాత్రమే ఫొటోనుంచి వచ్చింది, ఎకరానికి ఎంత పండుతుందన్నది వాతావరణ లెక్కలనుంచి. అక్కడ పొలాలు విశాలం కావడం కూడా కలిసొచ్చింది.

మన గోదావరి డెల్టాలో ఇదే పని చేస్తే మొదట తగిలే దెబ్బ వేరు. నాట్లేసిన కొత్తల్లో వరిచేలో నీళ్ళే కనిపిస్తాయి. ఆ ఒక్క తేదీ ఫొటోతో గుంపులు కడితే వరిచేను, చేపలచెరువు ఒకే గుంపులో పడతాయి. దానికి "నీళ్ళు" అని పేరు పెడితే వరి మాయం, "వరి" అని పెడితే చెరువుల్లో వడ్లు పండుతాయి. ఇంకో నెలన్నర తర్వాతి ఫొటో జోడిస్తే వరి పచ్చబడి విడిపోతుంది. చెరువు చెరువుగానే ఉంటుంది.

ఇప్పుడైతే ఈ పని పైథాన్‌లో రెండు లైన్లు. కానీ రెండో లైను చాలామంది రాయరు:

```python
km = KMeans(n_clusters=10, n_init=10).fit(X)
pd.crosstab(km.labels_[dots], names)
```

`X` అన్నది పిక్సెళ్ళ పట్టిక, `dots` మనం ఎంచిన చుక్కలు, `names` వాటికి మనిషి పెట్టిన పేర్లు. వచ్చే పట్టికలో ఒక్కో వరుస ఒక్కో గుంపు. వరుసలో ఒకే పంట దాదాపు అన్ని చుక్కలూ పట్టుకుంటే ఆ పేరు పెట్టేయొచ్చు. సగం వరి, సగం చెరువు వస్తే అది పేరు పెట్టదగ్గ గుంపు కాదు. దాన్ని విడిగా మళ్ళీ చీల్చాలి, లేదా ఇంకో తేదీ ఫొటో తేవాలి. ఆ రెండూ కుదరకపోతే "కలగాపులగం" అని నిజాయితీగా రాసి వదిలేయాలి.

నా మటుకు నాకు "అన్‌సూపర్వైజ్డ్" అనే పేరే తప్పుదారి పట్టిస్తుంది. పర్యవేక్షణ లేకుండా పోలేదు, ముందునుంచి వెనక్కి జరిగిందంతే. రంగుల మ్యాపు ఎవరైనా చూపిస్తే నేను అల్గారిథం ఏదని అడగను. ఆ పేర్లు పెట్టిందెవరు, ఏ తేదీల ఫొటోలు చూసి పెట్టారు, పక్కన దాచిన చుక్కలెన్ని అని అడుగుతాను.