నో-కాస్ట్‌ ఈఎంఐ తీసుకున్నా బిల్లు ఎందుకు పెరుగుతుంది?

ఆన్‌లైన్‌లో రూ.30 వేల ఫోన్‌ ఎంచుకున్నారు. చెల్లింపు పేజీలో ‘నో-కాస్ట్‌ ఈఎంఐ.. నెలకు రూ.5,000 చొప్పున 6 నెలలు’ అని కనిపించింది. లెక్క సరిపోయింది కదా అని ఓకే చేశారు. తీరా కార్డు బిల్లు వచ్చాక చూస్తే తొలి నెలే దాదాపు రూ.5,300 కట్టమని ఉంది. బ్యాంకు పొరపాటున ఎక్కువ వేసిందా? కాదు. ఆ ఒక్క క్లిక్‌తో మీరు బ్యాంకు దగ్గర ఓ రుణం తీసుకున్నారు. దానికి వడ్డీ ఉంది, ఆ వడ్డీపై పన్నూ ఉంది. అదెలాగో చూద్దాం.

చెల్లింపు పేజీలో ఏం జరుగుతుంది?

మీరు కార్డు నంబరు టైప్‌ చేయగానే అందులోని మొదటి కొన్ని అంకెలను బట్టి అది ఏ బ్యాంకుదో, డెబిట్‌ కార్డో క్రెడిట్‌ కార్డో పేమెంట్‌ గేట్‌వేకు తెలిసిపోతుంది. ఆ బ్యాంకు ఇస్తున్న 3, 6, 9, 12 నెలల ప్లాన్లను, వాటి వడ్డీ రేట్లను తెరపై చూపిస్తుంది. ఒకే ఫోన్‌కు మీ కార్డుపై ఒక రేటు, మీ స్నేహితుడి కార్డుపై మరో రేటు కనిపించేది అందుకే. రేటు నిర్ణయించేది కార్డు ఇచ్చిన బ్యాంకే గానీ షాపింగ్‌ సైట్‌ కాదు.

మీరు ప్లాన్‌ ఎంచుకుని ఓటీపీ కొట్టగానే మొత్తం సొమ్ముకు బ్యాంకు అనుమతి ఇస్తుంది. అమ్మకందారుకు వాయిదాల్లో డబ్బు రాదు. మామూలు కార్డు కొనుగోలులాగే ఒకేసారి అందుతుంది. కాబట్టి అక్కడితో బాకీ మీకు, బ్యాంకుకు మధ్య వ్యవహారంగా మారుతుంది. ఆ తర్వాత కొన్ని పనిదినాల్లో బ్యాంకు ఆ కొనుగోలును ఈఎంఐ రుణంగా మారుస్తుంది.

మరి వడ్డీ ఎవరు కడుతున్నారు?

సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. వడ్డీని వేరే రూపంలో దాచి సున్నా అని చూపవద్దని ఆదేశించింది. అందుకే ఇప్పుడు నో-కాస్ట్‌ ఈఎంఐలో బ్యాంకు తన వడ్డీ తాను తీసుకుంటుంది. దానికి సమానమైన మొత్తాన్ని విక్రేత లేదా తయారీ సంస్థ ముందే డిస్కౌంట్‌ రూపంలో తగ్గిస్తుంది.

పై ఫోన్‌నే తీసుకుందాం. బ్యాంకు వడ్డీ ఏడాదికి 15 శాతం అనుకుంటే, 6 నెలల ప్లాన్‌లో మీకు సుమారు రూ.1,270 డిస్కౌంట్‌ వస్తుంది. కార్డుపై పడేది రూ.28,730. దీన్నే బ్యాంకు రుణంగా రాసుకుంటుంది. ఆరు నెలల్లో దానిపై అయ్యే వడ్డీ రూ.1,270. రెండూ కలిపితే సరిగ్గా రూ.30 వేలు, అంటే నెలకు రూ.5,000. ఇక్కడి వరకు తెరపై చూపిన లెక్క నిజమే.

తెరపై పెద్ద అక్షరాల్లో కనిపించనివి రెండున్నాయి. ఒకటి, వడ్డీపై 18 శాతం జీఎస్టీ. గృహ రుణం, వ్యక్తిగత రుణాల వడ్డీపై జీఎస్టీ ఉండదు. క్రెడిట్‌ కార్డు వడ్డీకి మాత్రం ఆ మినహాయింపు లేదు. విక్రేత ఇచ్చే డిస్కౌంట్‌ వడ్డీకే సరిపోతుంది కాబట్టి ఈ పన్ను మీ మీదే పడుతుంది. మన లెక్కలో ఇది మొత్తం రూ.229. రెండోది, ప్రాసెసింగ్‌ ఫీజు. బ్యాంకు రూ.199 తీసుకుంటే జీఎస్టీతో కలిపి రూ.235 అవుతుంది.

తొలి నెల వాయిదాలో వడ్డీ భాగం రూ.359. దానిపై పన్ను రూ.65. ఫీజు కూడా అప్పుడే పడుతుంది కాబట్టి బిల్లు దాదాపు రూ.5,300 అయింది. నెలనెలా అసలు తగ్గుతుంటుంది కాబట్టి చివరి వాయిదా నాటికి పన్ను రూ.11కు దిగుతుంది. మొత్తమ్మీద ఫోన్‌ మీకు రూ.30,464 వరకు పడుతుంది. ఇదే 15 శాతంతో డిస్కౌంట్‌ లేని మామూలు ఈఎంఐ తీసుకుంటే పన్ను, ఫీజులతో కలిపి దాదాపు రూ.31,800 అయ్యేది. కాబట్టి నో-కాస్ట్‌ వల్ల లాభం లేదని కాదు. కానీ ఒకేసారి చెల్లిస్తే కార్డుపై రూ.1,000 తక్షణ తగ్గింపు ఉందనుకోండి, అది ఈఎంఐకి వర్తించకపోతే అసలు తేడా రూ.464 కాదు, రూ.1,464.

లిమిట్‌ తగ్గుతుంది.. గుర్తుందా?

వాయిదా రూ.5,000 అయినా క్రెడిట్‌ లిమిట్‌లో రూ.28,730 మొత్తం బ్లాక్‌ అవుతుంది. లక్ష లిమిట్‌ ఉంటే మిగిలేది రూ.71,270. తొలి వాయిదా కట్టాక వడ్డీ పోను అసలు భాగం రూ.4,641 మాత్రమే తిరిగి అందుబాటులోకి వస్తుంది.

ఆ నెల వాయిదాను బ్యాంకులు సాధారణంగా ‘కనీసం చెల్లించాల్సిన మొత్తం’లో పూర్తిగా కలుపుతాయి. ఆ కనీస మొత్తమే కట్టి ఊరుకుంటే, బిల్లులోని మిగతా కొనుగోళ్లపై మామూలు కార్డు వడ్డీ మొదలవుతుంది. చాలా కార్డులపై అది నెలకు 3 శాతానికి పైనే. ఈఎంఐ రేటు చూసి తక్కువే కదా అనుకున్నవారు దెబ్బతినేది ఇక్కడే.

వస్తువు వెనక్కి ఇస్తే?

ఎక్కువ చిక్కులు వచ్చేది రిటర్న్‌లోనే. ఫోన్‌ వెనక్కి ఇస్తే విక్రేత రూ.28,730ను కార్డుకు జమ చేస్తారు. అంతమాత్రాన రుణం దానంతట అదే రద్దవుతుందని చెప్పలేం. రీఫండ్‌ ఒక జమగా కనిపిస్తూనే, మరోవైపు ఈఎంఐ కొనసాగుతూ ఉండొచ్చు. రీఫండ్‌ పడగానే బ్యాంకుకు ఫోన్‌ చేసి ఈఎంఐ రద్దు చేయమని అడగండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. అప్పటివరకు అయిన వడ్డీ, ప్రాసెసింగ్‌ ఫీజు, వాటిపై జీఎస్టీ సాధారణంగా తిరిగి రావు. ఆలస్యమైతే ముందస్తు ముగింపు రుసుము కూడా పడొచ్చు.

బిల్లులో ఏం చూడాలి?

అసలు, వడ్డీ, ముందే ఇచ్చిన డిస్కౌంట్‌ ఎంతెంతో ఈఎంఐగా మార్చే ముందే స్పష్టంగా చెప్పాలని, బిల్లులోనూ విడిగా చూపాలని రిజర్వు బ్యాంకు కార్డు నిబంధనల్లో ఉంది. కాబట్టి ఓటీపీ కొట్టే ముందు ఆ వివరాల పేజీని స్క్రీన్‌షాట్‌ తీసిపెట్టుకోండి. తొలి బిల్లులో అసలు, వడ్డీ, జీఎస్టీ వేర్వేరు వరుసల్లో ఉన్నాయో లేదో సరిచూడండి. అలా కాకుండా రూ.28,730 మొత్తం ఒకే కొనుగోలుగా కనిపిస్తే అది ఈఎంఐగా మారలేదని అర్థం. గడువు తేదీలోపే బ్యాంకుతో మాట్లాడాలి. గడువు దాటితే మొత్తంపైనా కార్డు వడ్డీ పడుతుంది.

బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయొచ్చు. దీనికి రుసుమేమీ లేదు. అప్పుడు ఆ స్క్రీన్‌షాట్‌, బిల్లు, ఫిర్యాదు నంబరే మీకు ఆధారాలు.