గల్ఫ్ జీతాన్ని చంద్రపూర్ రూపాయల్లో లెక్కకట్టడం ఎలా?

చంద్రపూర్, బల్లార్‌పూర్, ఘుగ్గుస్, రాజురా ప్రాంతాల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పెద్దలు బొగ్గు గనులను, కాగితం మిల్లును, థర్మల్ కేంద్రాన్ని నమ్ముకొని ఇక్కడికి వచ్చారు. ఇప్పుడు పిల్లలు దుబాయ్, సౌదీ వైపు చూస్తున్నారు. మంచిర్యాల, కరీంనగర్, జగిత్యాల వైపు బంధువుల ఇళ్ళలో గల్ఫ్ వెళ్ళినవారు ఉండడంతో అక్కడి కబుర్లూ, ఆఫర్ లెటర్లూ మన ఇళ్ళకు తరచుగా చేరుతున్నాయి. ఆ కాగితం చేతికి రాగానే మనవాళ్ళు మొదట చేసే పని దిర్హమ్‌లను ఆనాటి మారకపు రేటుతో హెచ్చవేయడం. వచ్చిన సంఖ్యను ఇక్కడి జీతం పక్కన పెట్టి చూస్తారు. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో, సరైన లెక్క ఎలా వేయాలో మన పాఠకుల సౌకర్యం కోసం ఇక్కడ వివరంగా ఇస్తున్నాము.

ఒకే దిర్హమ్‌కు రెండు విలువలు

విదేశంలో సంపాదించిన డబ్బుకు రెండు దారులున్నాయి. కొంత అక్కడే ఖర్చవుతుంది. మిగిలింది ఇంటికి వస్తుంది. ఇంటికి వచ్చే భాగానికి బ్యాంకు మారకపు రేటే సరైన కొలత. అక్కడ ఖర్చయ్యే భాగానికి మాత్రం ఆ రేటుతో పని లేదు. ఆ డబ్బుతో అక్కడ ఏమి కొనగలమో, అదే వస్తువు, అదే వసతి చంద్రపూర్‌లో ఎంతకు దొరుకుతుందో చూడాలి. దీన్నే కొనుగోలు శక్తి అంటారు.

ఈ రెండు కొలతల మధ్య తేడా చిన్నది కాదు. ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో దేశాల ధరలను పోల్చే సర్వే జరుగుతుంది. 2017 సంవత్సరపు సర్వేలో కొనుగోలు శక్తి ప్రకారం ఒక అమెరికా డాలరు 20.65 రూపాయలకు సమానమని తేలింది. ఆ ఏడాది మారకపు రేటు 65.12 రూపాయలు. అంటే అమెరికాలో ఒక డాలరు పెట్టి కొనేది మన దేశంలో సగటున ఇరవై రూపాయల పైచిలుకుకే దొరికేది. కానీ ఇది దేశం మొత్తానికి, అన్ని రకాల ఖర్చులకు కలిపి తీసిన సగటు. బల్లార్‌పూర్ కుర్రవాడు దుబాయ్‌లో పెట్టే ఖర్చు ఆ సగటులో ఉండదు. అందుకే ఎవరి బుట్ట వారే కట్టుకోవాలి.

ఒంటరిగా వెళ్ళేవారి లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇందులోని ఖర్చులు లెక్క చూపడానికి మేము వేసుకున్నవే. మీ అంకెలు అక్కడున్న మనవారిని అడిగి రాసుకోండి. దిర్హమ్‌కు 24 రూపాయలు అనుకుందాం.

పెళ్ళికాని ఒక ఫిట్టర్‌కు ఇక్కడ చేతికి నెలకు 32,000 రూపాయలు వస్తున్నాయి. దుబాయ్ ఆఫర్ 3,500 దిర్హమ్‌లు. హెచ్చవేస్తే 84,000 రూపాయలు. తేడా 52,000 అని ఇంట్లో అందరూ సంబరపడతారు.

ఇప్పుడు అక్కడి ఖర్చు చూద్దాం. నలుగురితో కలిసి ఉండే గదిలో మంచం కిరాయి 700, తిండికి 600, రాకపోకలకు 200, ఫోనుకు 100, బట్టలూ మందులూ ఇతరత్రా 300. మొత్తం 1,900 దిర్హమ్‌లు. మిగిలేది 1,600. పంపేటప్పుడు ఎక్స్చేంజ్ వారు 24 ఇవ్వరు. 23.80 ఇచ్చి 20 దిర్హమ్‌లు రుసుము తీసుకున్నారనుకుంటే ఇంటికి చేరేది సుమారు 37,600 రూపాయలు.

ఇక్కడ అదే మనిషి తన మీద ఖర్చు పెట్టుకునేది, అంటే తిండిలో తన వాటా, పెట్రోలు, ఫోను, ఇతరత్రా కలిపి, 12,000 అనుకుందాం. ఇంటికి మిగిలేది 20,000. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ ఇక్కడి జీతంలో పీఎఫ్ కూడా ఉంది. 15,000 మూల వేతనం మీద తన వాటా 1,800, యజమాని వాటా 1,800, మొత్తం 3,600 రూపాయలు నెలనెలా జమవుతాయి. చేతికి రాకపోయినా అది మన సొమ్మే. కాబట్టి ఇక్కడి మిగులు 23,600.

అక్కడ పీఎఫ్ బదులు గ్రాట్యుటీ ఉంటుంది. యూఏఈ చట్టం ప్రకారం కనీసం ఒక ఏడాది పనిచేస్తే మొదటి అయిదేళ్ళకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ తరువాత ఏడాదికి 30 రోజుల మూల వేతనం ఇవ్వాలి. ఇది మొత్తం జీతం మీద కాదు, బేసిక్ మీదే. 3,500లో బేసిక్ 2,000 అయితే ఏడాదికి 1,400 దిర్హమ్‌లు, నెలకు సుమారు 2,800 రూపాయలు. బేసిక్‌ను 1,000కి తగ్గించి మిగతాది అలవెన్సుల కింద చూపిస్తే ఇది సగమైపోతుంది. ఆఫర్ లెటర్‌లో మొత్తం కంటే ముందు బేసిక్ ఎంతో చూడమని చెప్పేది అందుకే.

వెళ్ళడానికి అయిన ఖర్చు కూడా తీసేయాలి. మన దేశంలో రిజిస్టరైన ఏజెంటు అభ్యర్థి దగ్గర 30,000 రూపాయలు, దానిమీద జీఎస్‌టీ మించి తీసుకోకూడదు. అంటే 35,400. వైద్య పరీక్షలు, తిరుగుడు కలిపి మొత్తం 50,000 అయిందనుకుంటే, రెండేళ్ళ ఒప్పందం మీద నెలకు సుమారు 2,100 పడుతుంది.

37,600కు 2,800 కలిపి 2,100 తీసేస్తే 38,300. ఇక్కడి 23,600తో పోలిస్తే అసలు లాభం నెలకు 14,700 రూపాయలు. 52,000 కాదు. 14,700 కూడా చిన్న మొత్తమేమీ కాదు. చెల్లెలి పెళ్ళికో, ఇంటి కట్టుబడికో అది అక్కరకు వస్తుంది. కానీ ఊరు విడిచి వెళ్ళే నిర్ణయం 14,700ను చూసి తీసుకోవాలి. 84,000ను చూసి అప్పు చేయకూడదు. ఏజెంటు 30,000కు బదులు లక్షన్నర అడిగితే నెలకు పడే భారం 2,100 నుంచి ఏడు వేలు దాటుతుంది. లాభం పదివేల లోపుకు వస్తుంది, వడ్డీ ఇంకా కలపకముందే.

ఇంకొక సంగతి. గది, బస్సు కంపెనీవే అయితే 2,600 దిర్హమ్‌ల ఆఫర్, అవేవీ లేని 3,500 ఆఫర్‌తో సమానం. రెండింటిలోనూ నెలకు మిగిలేది 1,600 దిర్హమ్‌లే. అయితే ఆ వసతి మాట నోటితో చెప్పినది కాకుండా ఒప్పందంలో రాసి ఉండాలి.

కుటుంబంతో వెళ్ళేవారి లెక్క

భార్యాబిడ్డలను తీసుకువెళ్తే లెక్క పూర్తిగా మారుతుంది. ముందుగా, యూఏఈలో కుటుంబాన్ని పిలిపించుకోవాలంటే నెలకు 4,000 దిర్హమ్‌ల జీతం, లేదా వసతితోపాటు 3,000 ఉండాలి. పై ఉదాహరణలోని ఫిట్టర్‌కు వసతి లేని 3,500 మీద అది కుదరదు.

ఇక్కడ 70,000 సంపాదించే ఇంజనీరుకు 9,000 దిర్హమ్‌ల ఆఫర్ వచ్చిందనుకుందాం. 24తో హెచ్చవేస్తే 2,16,000. మూడింతలు అనిపిస్తుంది. ఇప్పుడు ఒకే రకమైన బతుకుకు రెండుచోట్ల ఎంతవుతుందో పక్కపక్కన రాద్దాం. ఇద్దరు, ఒక బిడ్డ.

ఇల్లు, కరెంటు, నీళ్ళు: ఇక్కడ 11,000 రూపాయలు, అక్కడ 3,700 దిర్హమ్‌లు.
బడి ఫీజు, బస్సు: ఇక్కడ 7,000, అక్కడ 1,300.
కిరాణా, కూరలు, పాలు: ఇక్కడ 14,000, అక్కడ 1,400.
రాకపోకలు: ఇక్కడ 5,000, అక్కడ 600.
మందులు, ఫోను, ఇతరత్రా: ఇక్కడ 8,000, అక్కడ 800.
మొత్తం: ఇక్కడ 45,000 రూపాయలు, అక్కడ 7,800 దిర్హమ్‌లు.

45,000ను 7,800తో భాగిస్తే 5.77 వస్తుంది. అంటే ఈ కుటుంబానికి అక్కడ ఖర్చుపెట్టే ఒక దిర్హమ్ చంద్రపూర్‌లో ఆరు రూపాయలకు కూడా తక్కువ పని చేస్తుంది. అదే దిర్హమ్ ఇంటికి పంపితే 24 రూపాయలు. తేడా నాలుగింతలు. 9,000లో మిగిలేది 1,200 దిర్హమ్‌లు, అంటే 28,800 రూపాయలు. ఆ 28,800కు 45,000 విలువ చేసే బతుకు కలిపితే 73,800. ఇక్కడి 70,000తో పోలిస్తే ఎక్కువ వచ్చింది 3,800 మాత్రమే. ఇందులో పీఎఫ్, గ్రాట్యుటీ, సెలవులకు ఇంటిల్లిపాది విమాన టికెట్లు ఇంకా కలపలేదు.

పట్టికను వరుసవారీగా చూస్తే కారణం తెలుస్తుంది. కిరాణాలో ఒక దిర్హమ్ పది రూపాయల పని చేస్తోంది. కిరాయిలో మూడు రూపాయల పనే చేస్తోంది. గల్ఫ్ జీతాన్ని తినేది ఇంటి కిరాయే. అందువల్ల ఇక్కడ సొంత ఇల్లున్నవారు, కంపెనీ క్వార్టర్‌లో ఉన్నవారు తమ పట్టికలో కిరాయి దగ్గర సున్నా వేసుకోవాలి. ఇక్కడి మిగులు అంత మేరకు పెరుగుతుంది, ఆఫర్ లాభం తగ్గుతుంది. సొంత ఇంటిని కిరాయికి ఇచ్చి వెళ్తే ఆ ఆదాయాన్ని ఆఫర్ వైపు కలపవచ్చు.

మారకపు రేటు సంగతి

దిర్హమ్‌ను 1997 నుంచి డాలరుకు 3.6725గా కట్టివేశారు. సౌదీ రియాల్ కూడా 3.75 దగ్గర స్థిరంగా ఉంటుంది. కాబట్టి గల్ఫ్ జీతంలో హెచ్చుతగ్గులు వచ్చేది ఆ కరెన్సీ వల్ల కాదు, రూపాయి డాలరు మధ్య రేటు వల్ల. రూపాయి పడితే ఇంటికి వచ్చే భాగం మాత్రమే పెరుగుతుంది. అక్కడి మంచం కిరాయి దిర్హమ్‌లలో అంతే ఉంటుంది. 24 ఒక రూపాయి పెరిగి 25 అయితే మన ఫిట్టర్‌కు పెరిగేది 3,500 రూపాయలు కాదు, పంపే 1,580 దిర్హమ్‌ల మీద 1,580 రూపాయలే. తగ్గినా అంతే. కనుక లెక్కను ఒకసారి ఇప్పటి రేటుతో, మరోసారి రెండు రూపాయలు తక్కువ రేటుతో వేసి చూడండి. తక్కువ రేటులో కూడా నిలిచే లాభాన్నే నమ్ముకోవాలి.

డబ్బు పంపేటప్పుడు రుసుము ఒక్కటే చూడవద్దు. రుసుము లేదని చెప్పి రేటులో కోసుకునేవారు ఉంటారు. ఇక్కడి ఖాతాలో పడిన రూపాయలను, అక్కడ చేతినుంచి పోయిన మొత్తం దిర్హమ్‌లతో భాగించండి. అదే మీకు నిజంగా దొరికిన రేటు. పై ఉదాహరణలో 37,600ను 1,600తో భాగిస్తే 23.50 వస్తుంది.

సంతకం చేసే ముందు ఏజెంటు పేరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. మూల వేతనం, వసతి, రాకపోకలు, విమాన టికెట్, పని గంటలు ఒప్పందంలో విడివిడిగా రాసి ఉండాలి. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామంటే ఒప్పుకోవద్దు. ఓవర్‌టైమ్ కలిపి చెప్పిన జీతం నుంచి ఓవర్‌టైమ్ తీసేసిన తరువాతే పై లెక్క మొదలుపెట్టాలి. ఒక కాగితం మీద రెండు వరుసలు గీసి, ఇక్కడ ఎంత మిగులుతుంది, అక్కడ ఎంత మిగులుతుంది అని రాసుకుంటే ఆఫర్ విలువ ఇంట్లో అందరికీ ఒకేలా కనబడుతుంది.