గళ్ళల్లో గుణింతం

పొడుపు కథకి, గళ్ళ నుడికట్టుకి మొదట్లో ఏ చుట్టరికమూ లేదు. ఒకటి నోటిది, రెండోది అచ్చు యంత్రానిది. ఈ రెంటినీ కలిపి ఒకే కాగితం మీద వేసి మూడో తరగతి పిల్లలకిచ్చే వర్క్‌షీట్ ఒకటి ఈమధ్య వాట్సాప్‌లో ఫోటోగా నా దగ్గరకొచ్చింది. పంపింది మా అక్క కూతురు. "మామయ్యా, ఇది కుదరట్లేదు" అని ఒక్క ముక్క రాసింది. అయిదు ఆధారాలున్న చిన్న పజిల్ అది. కానీ ఎందుకు కుదరట్లేదో చూడ్డం మొదలుపెడితే, తెలుగు రాతలో అక్షరం అంటే ఏమిటన్న ప్రశ్న దాకా వెళ్ళాల్సొచ్చింది.

ముందు పాత సంగతి. సంస్కృతంలో పొడుపు కథని ప్రహేళిక అన్నారు. దండి కావ్యాదర్శం మూడో పరిచ్ఛేదంలో పదహారు రకాల ప్రహేళికల్ని చెప్పి, అవి ఎందుకు పనికొస్తాయో కూడా చెబుతాడు: గోష్ఠుల్లో వినోదానికి, నలుగురిలో ఉండి రహస్యం మాట్లాడుకోడానికి, ఎదుటివాణ్ణి తికమక పెట్టడానికి. మూడు ఉపయోగాల్లోనూ ఒక మనిషి ఎదురుగా ఉండాలి. మన ఇళ్ళల్లో పొడుపు కథలూ అంతే. పొడిచినవాళ్ళే విప్పడం సరిగ్గా ఉందో లేదో చెబుతారు. జవాబు దగ్గరగా ఉంటే "ఊఁ, ఇంకొంచెం" అంటారు. వేరే మాటతో చెప్పినా వస్తువు అదే అయితే ఒప్పేసుకుంటారు. 

గళ్ళ కథ చాలా కొత్తది. 1913 డిసెంబర్ 21, ఆదివారం నాడు న్యూయార్క్ వరల్డ్ పత్రిక 'ఫన్' అనుబంధంలో ఆర్థర్ విన్ అనే లివర్‌పూల్ మనిషి ఒక వజ్రాకారపు పజిల్ వేశాడు. పేరు వర్డ్-క్రాస్. కొన్ని వారాల్లోనే అది తిరగబడి క్రాస్-వర్డ్ అయింది. అందులో అడ్డం, నిలువు అనే శీర్షికలు లేవు. ప్రతి మాటకీ అది మొదలయ్యే గడి నంబరు, ముగిసే గడి నంబరు ఇచ్చాడు. 1924లో సైమన్ అండ్ షుస్టర్ మొదటి క్రాస్‌వర్డ్ పుస్తకాన్ని పెన్సిల్ జతచేసి అమ్మేసరికి అమెరికాకి ఆ పిచ్చి పట్టింది. 

విన్ చేసిన అసలు మార్పు నా దృష్టిలో ఆకారం కాదు. జవాబు సరైనదో కాదో చెప్పే మనిషిని తీసేసి, ఆ పని పక్క మాటకి అప్పగించాడు. అడ్డంగా వచ్చే మాట నిలువు మాటకి సాక్షి. అమెరికన్ పద్ధతిలో తర్వాత స్థిరపడిన నియమం ప్రకారం ప్రతి గడీ రెండు మాటల్లో ఉండాలి, సాక్షి లేని అక్షరం ఒక్కటీ ఉండకూడదు.

ఈ ఆట తెలుగు పత్రికల్లోకి వచ్చాక శ్రీశ్రీ దాన్ని 'పదబంధ ప్రహేళిక' అన్నాడు, ఆరుద్ర 'గళ్ళ నుడికట్టు' అన్నాడు. శ్రీశ్రీ పెట్టిన పేరులో పాత ప్రహేళిక మళ్ళీ కనిపిస్తుంది. పిల్లల వర్క్‌షీట్‌లో ఆ కలయిక అక్షరాలా జరుగుతుంది, ఆధారాలే పొడుపు కథలు కాబట్టి.

ఇప్పుడు ఆ ఫోటో. కాగితాన్ని మంచం మీద పెట్టి, ఫోన్ వాల్చి తీసినట్టుంది. పైన చేతి నీడ పడి గళ్ళలోని నంబర్లు కనబడవు, కింద నాలుగో వరస సగానికి తెగిపోయింది. నంబర్లు పోతే కంగారు పడక్కర్లేదు, వాటిని తిరిగి కట్టుకోవచ్చు. పై వరస నుంచి, ఎడమ నుంచి కుడికి చదువుతూ, ఎక్కడ మాట మొదలవుతుందో ఆ గడికే నంబరు వేయాలి. మాట మధ్యలో ఉన్న గడికి నంబరుండదు. అలా చూస్తే మొదటి వరసలో ఎడమ చివర మూడు గళ్ళున్నాయి. వాటిలో మొదటిది 1, మూడోది 2. 1 కింద ఇంకొక్క గడి ఉంది, 2 కింద రెండున్నాయి. అలా దిగిన మూడో వరసలో కుడివైపుకి మరో మూడు గళ్ళ మాట, అది 3. దాని చివరి గడి 4, అక్కణ్ణుంచి కిందకి సగం తెగిన గడి ఒకటి. మొత్తం తొమ్మిది గళ్ళు.

ఆధారాలివి. అడ్డం 1: పాలింటి పిల్లని, కవ్వం దెబ్బలు తిని వెన్నని వదులుకున్నాను. నిలువు 1: కుండ లేదు, కావడి లేదు, ఊరూరికీ నీళ్ళు మోస్తాను. నిలువు 2: ఇంట్లో లేను, వీధిలో లేను, పండగొస్తే నాకే ముందు పసుపు. అడ్డం 3: నీళ్ళ మీద ఉంటే బతుకు, నాలోకి నీళ్ళొస్తే చావు. నిలువు 4: ఒళ్ళంతా కన్నాలే, నీళ్ళని పోనిస్తాను, చేపని పోనివ్వను.

పిల్ల మొదటి దానికి 'చల్ల' అని రాసింది. మా ఇల్లు వరంగల్, ఇంట్లో అమ్మమ్మ అనే మాట అదే. రెండు గళ్ళు నిండాయి, మూడోది ఖాళీ. నిలువు 2కి 'గుమ్మం' తట్టింది గానీ గళ్ళు మూడు. పాఠ్యపుస్తకంలో వృక్షము, గృహము చూసిన పిల్ల కదా, 'గుమ్మము' అని సాగదీసి మూడూ నింపింది. తెలివైన పనే. ఇప్పుడు మొదటి వరస 'చల్లగు' అయింది. నిలువు 1కి 'మేఘం' అనుకుంది, కానీ పైన 'చ' కూర్చుని ఉంది. అడ్డం 3 'ము'తో మొదలవ్వాలి, ఆ అక్షరంతో మొదలై నీళ్ళ మీద తేలేది ఆమెకేదీ దొరకలేదు. అక్కడ ఆగిపోయి ఫోటో తీసింది.

గమనించండి, పొడుపు కథలుగా చూస్తే ఆమె చెప్పిన మూడు జవాబులూ ఒప్పే. అమ్మమ్మ అయితే మూడింటికీ మార్కులేసేది.

ముడి ఎక్కడ విప్పాలి? 1తో మొదలుపెట్టాలని ఏమీ లేదు. ఏ ఆధారానికి పోటీ మాటలు తక్కువో అక్కడ మొదలుపెట్టాలి. అడ్డం 3 తీసుకోండి. ఓడ, నావ, తెప్ప, పుట్టి: అన్నీ రెండక్షరాలే. రోజువారీ మాటల్లో మూడక్షరాలది 'పడవ'. అది పెడితే నిలువు 2 చివర 'ప' వస్తుంది. 'గుమ్మము' పోయి 'గడప' వచ్చింది. గడప పైన 'గ' ఉంది కాబట్టి అడ్డం 1 చివర 'గ', అంటే 'మజ్జిగ'. మజ్జిగ మొదట్లో 'మ' ఉంది కాబట్టి నిలువు 1 మేఘం కాదు, 'మబ్బు'. ఇటు పడవ చివర 'వ' నుంచి 'వల' దిగింది. ఆ తెగిపోయిన గడి కింద ఇంకో వరస లేదని కూడా దాంతో తేలిపోయింది. కాగితాన్ని వెనక నుంచి ముందుకి నడిస్తే అయిదు నిమిషాల పని.

కానీ గుమ్మము, మజ్జిగ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. పిల్లకి మజ్జిగ ముందే తట్టి, గుమ్మాన్ని వదలనని మొండికేసిందనుకోండి. రెండూ కలిసే గడిలో ఒకరు 'గ' అంటారు, ఒకరు 'గు' అంటారు. ఇంగ్లీషులో ఈ తగువు రాదు. అక్కడ గడికి ఒక్క జి చాలు, దాని తర్వాతి అచ్చు పక్క గడిలో ఉంటుంది. తెలుగు గడిలో హల్లు, గుణింతం, వత్తు, సున్నా అన్నీ కలిసి ఒకే కాపురం. అందుకే తెలుగులో ఒక్క గడి కలిసిందంటే ఇంగ్లీషులో రెండు మూడు గళ్ళు కలిసినంత గట్టి సాక్ష్యం.

ఈ గడి సంగతి కంప్యూటర్లకి చాలా కాలం ఎక్కలేదు. పైథాన్‌లో అడిగి చూడండి:

```python
len("మజ్జిగ")   # 6
```

మ, జ, పొల్లు, జ, గుడి, గ: అదీ దాని లెక్క. మనిషి కంటికి ఏది ఒక ముక్కగా కనబడుతుందో చెప్పడానికి యూనికోడ్‌కి వేరే నియమాలున్నాయి. వాటి ప్రకారం చూసినా పొల్లు దగ్గర తెగి మ, జ్, జి, గ అని నాలుగొచ్చేవి. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలని విడదీయకుండా ఉంచే నియమం చేర్చారు, అప్పటికి మూడయ్యాయి. మూడో తరగతి పిల్ల వేళ్ళ మీద లెక్కపెట్టే మూడు.

ఇంత బిగువైన గడి పిల్లలకి మంచిదే గానీ పజిల్ కట్టేవాళ్ళకి నరకం. ఇరవయ్యారు అక్షరాలతో మాటలు అల్లడం వేరు, గుణింతాలూ వత్తులూ కలిపి వందల రూపాలుండగా రెండు మాటలకి సరిగ్గా ఒకే రూపం ఉమ్మడిగా దొరకడం వేరు. దాని ఫలితం ఈ కాగితంలోనే ఉంది. తొమ్మిది గళ్ళలో రెండు మాటలు కలిసేవి నాలుగే: మ, గ, ప, వ. నాలుగూ తలకట్టు అక్షరాలే! కట్టినవారెవరో గానీ తేలిగ్గా కలిసే చోటే కలిపారు. వత్తులున్న రెండు గళ్ళు, 'జ్జి', 'బ్బు', సాక్షి లేకుండా ఒంటరిగా ఉండిపోయాయి.

దాంతో ఏమవుతుందంటే, పిల్ల 'మజిగ' అని రాసినా గళ్ళు మూడే, 'మబు' అని రాసినా గళ్ళు రెండే. ఏ పక్క మాటా అభ్యంతరం చెప్పదు. తెలుగు నేర్చుకునే పిల్లలు ఎక్కువ తడబడేది వత్తుల దగ్గరే, ఈ పజిల్ నోరు మూసుకునేదీ అక్కడే. పైగా ఫోటోలో అక్షరం కింద వత్తు మసకబారితే దిద్దే టీచరుకి కూడా కనబడదు. కాబట్టి ఇలాంటి కాగితం దిద్దేటప్పుడు కలిసే గళ్ళు చూడక్కర్లేదు, అవి తమని తామే దిద్దుకుంటాయి. కలవని గళ్ళనే వేలు పెట్టి చూడాలి.

'చల్ల' మాటేమిటి? గళ్ళు రెండే కాబట్టి ఇక్కడ తప్పు. ఆధారం పక్కన '3' అని అంకె ఉండుంటే పిల్ల ఆ దారినే పోయేది కాదు. విచిత్రంగా ఆ దారిన పోవడం వల్లే ఒకే వస్తువుకి ఇంట్లో ఒక మాట, కాగితం మీద ఒక మాట ఉంటాయని ఆమెకి తెలిసింది. నేను మాత్రం మార్జిన్‌లో ఆ మాటని అలాగే ఉంచమన్నాను.

ఒంటరి గళ్ళకి సాక్షుల్ని తేవడం అంత కష్టమేం కాదు. 'బ్బు' కోసం ఎడమ పక్కన ఒక గడి పెంచి 'సబ్బు' అనో 'డబ్బు' అనో అడ్డంగా రాయచ్చు. 'జ్జి' మీదుగా పైనుంచి 'బుజ్జి' దింపచ్చు. నాకు ముందు తోచింది 'బజ్జి'. కానీ మా సందు చివర బండి మీద 'బజ్జీ' అని దీర్ఘం తీసి రాసుంటుంది, పిల్ల రోజూ చూసే స్పెల్లింగ్ అదే. అది పెడితే ఇంకో ఫోటో వస్తుంది.