ఫోన్‌లో వీపీఎన్

ఫోన్‌ నుంచి బయటికి వెళ్లే డేటాను గుప్తీకరించి మరో సర్వర్ మీదుగా పంపే ఏర్పాటు. ఆండ్రాయిడ్‌లో వీపీఎన్ యాప్ వేసి, కనెక్షన్ అభ్యర్థనకు అనుమతిస్తే స్టేటస్ బార్‌లో తాళంచెవి గుర్తు కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో VPN పేజీ తెరిచి, యాప్ పక్కనున్న గేర్ గుర్తు నొక్కితే Always-on VPN వస్తుంది. ఇది ఆన్‌లో ఉంటే ఫోన్ రీస్టార్ట్ అయినా వీపీఎన్ తనంతట తానే మొదలవుతుంది.

వేగం తగ్గడానికి ముఖ్య కారణం దూరం. వినియోగదారుల వివరాలు అయిదేళ్లు భద్రపరచాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించాక, ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ వంటి సంస్థలు భారత్‌లోని సర్వర్లను తీసేశాయి. మెదక్ జిల్లా నర్సాపూర్‌లో కూర్చొని ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ యాప్‌లో 'ఇండియా, సింగపూర్ మీదుగా' ఎంచుకుంటే, హైదరాబాద్‌లోని వెబ్‌సైట్‌కు వెళ్లే అభ్యర్థన కూడా సింగపూర్ వెళ్లి తిరిగొస్తుంది. జవాబూ అదే దారి. మొత్తం సుమారు 13,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతికే 65 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక పేజీ తెరవడానికి ఇలాంటి రాకపోకలు చాలా ఉంటాయి.

బ్యాంకు యాప్‌ల గొడవ వేరు. కొన్ని విదేశీ ఐపీ చిరునామాను, మరికొన్ని వీపీఎన్ ఆన్‌లో ఉండటాన్నే అనుమానించి లాగిన్ ఆపేస్తాయి. వీపీఎన్ యాప్‌లోని స్ప్లిట్ టన్నెలింగ్‌లో బ్యాంకు యాప్‌ను మినహాయిస్తే మొదటి చిక్కు తీరుతుంది. అయితే ఫోన్ సెట్టింగ్స్‌లోని Block connections without VPN ఆన్‌లో ఉంటే మినహాయించిన యాప్‌కు అసలు నెట్టే అందదు. బ్రౌజర్ పనిచేస్తూ బ్యాంకు యాప్ ఒక్కటే 'ఇంటర్నెట్ లేదు' అంటే ముందు చూడాల్సింది ఈ మీటనే.