రెండు గుడ్ల సాలన్‌లో కేలరీలు ఎన్ని? లెక్కంతా నూనె సీసా దగ్గరే

బరువు తగ్గాలనో, షుగర్ ఉందనో ఇంట్లో ఎవరికైనా డాక్టర్ చెప్పగానే, గుడ్ల సాలన్ వండిన రోజు ముందుగా పక్కకు పోయేది పచ్చసొన. దాన్ని ప్లేటు అంచున పెట్టేసి, తెల్లసొన మీద అదే సాలన్ రెండు గరిటెలు పోసుకుని తింటారు. కేలరీలు తగ్గించడమే ఉద్దేశమైతే ఇక్కడ లెక్క తప్పుతోంది. ఒక పచ్చసొన తీసేస్తే తగ్గేవి సుమారు 55 కేలరీలు. పైన పోసుకున్న రెండు గరిటెల సాలన్‌లో దానికి రెండింతలకు పైగా ఉండొచ్చు. ఎంత ఉందో తెలియాలంటే గిన్నెలోకి ఏమేం వెళ్లిందో తూచి చూడాలి. పిండి, మసాలాలు తూచుకునే చిన్న డిజిటల్ కాటా ఉంటే చాలు.

ఇద్దరి కోసం రెండు గుడ్లతో చేసే మామూలు సాలన్‌నే తీసుకుందాం. ఉల్లిపాయ, టమాటా, అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి, పసుపు, నూనె. కొబ్బరి లేదు, పల్లీలు లేవు.

ముందు గుడ్డు. కిరాణా షాపులో దొరికే ఫారం గుడ్డు పెంకుతో కలిపి సుమారు 55 గ్రాములు తూగుతుంది. పెంకు పోగా తినేది 48 గ్రాముల దాకా. అందులో 70 కేలరీలు లెక్క వేసుకోవచ్చు. రెండు గుడ్లకు 140. నాటుకోడి గుడ్డు చిన్నది, 40 గ్రాములే ఉంటే 50 కేలరీలకు మించదు. ఉడకబెట్టినంత మాత్రాన ఈ అంకె మారదు.

ఉల్లిపాయలు మీడియం సైజువి రెండు, తొక్క తీశాక 150 గ్రాములు: 60 కేలరీలు. టమాటాలు కూడా రెండు, 150 గ్రాములు: 30 కేలరీలు. అల్లం వెల్లుల్లి ముద్ద ఒక టీస్పూను, కారం, ధనియాల పొడి, పసుపు అన్నీ కలిపి 20 అనుకుంటే సరిపోతుంది. ఉప్పుకు, నీళ్లకు ఏమీ లేవు. ఏ పట్టిక చూశారన్నదాన్ని బట్టి ఇక్కడ పదీ పదిహేను కేలరీలు అటూ ఇటూ అవుతాయి, దాని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఉల్లిపాయను పచ్చిగా ఉన్నప్పుడే తూచాలి. వేగాక నీరంతా పోయి అది సగానికి సగం తగ్గిపోతుంది. వేగిన బరువుకి పచ్చి ఉల్లిపాయ అంకె వేస్తే లెక్క తక్కువ వస్తుంది. నూనెలో వేయించి అమ్మే ఉల్లిపాయ అంకె వేస్తే నూనె రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

ఇప్పటిదాకా మొత్తం 250 కేలరీలు. నూనె లేకుండా, ఇద్దరికీ కలిపి.

ఇక నూనె. ఏ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలు. పల్లీ నూనె, సన్‌ఫ్లవర్, పామాయిల్, రైస్ బ్రాన్ అన్నిటికీ ఇదే లెక్క. ప్యాకెట్ మీద ‘లైట్’ అని ఉన్నా కేలరీలు తగ్గవు. ‘కొలెస్ట్రాల్ లేదు’ అన్నది కూడా గొప్ప విషయం కాదు, గింజల నుంచి తీసిన ఏ నూనెలోనూ అది ఉండదు. కొలత చెంచా, అంటే 15 మిల్లీలీటర్ల టేబుల్ స్పూను, నిండుగా పోస్తే 14 గ్రాముల నూనె పడుతుంది. అంటే దాదాపు 125 కేలరీలు, ఒకటీ ముప్పావు గుడ్డుకి సమానం.

కానీ మన వంటింట్లో టేబుల్ స్పూనుతో నూనె పోసేవాళ్లు ఎంతమంది? సీసా వంచి ధారగా పోస్తారు, కడాయి అడుగు నిండితే ఆపుతారు. ‘ఎంత పోశారు’ అంటే ‘రెండు చెంచాలు’ అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. ఏ చెంచా అన్నదే తేడా. వడ్డించే గరిటె ఒక్కటే 40, 50 మిల్లీలీటర్లు పట్టేది ఉంటుంది. అందుకే అడగడం కన్నా సీసాని తూచడం మేలు. వంటకు ముందు నూనె సీసా మూతతో సహా కాటా మీద పెట్టి అంకె రాసుకోవాలి. వంట అయ్యాక మళ్లీ పెట్టాలి. ముందు 742, తర్వాత 701 వచ్చిందనుకోండి, గిన్నెలోకి వెళ్లింది 41 గ్రాములు. అంటే మూడు టేబుల్ స్పూన్లు. గుడ్లు వేయించడానికి కొంత, పోపుకి కొంత, చివర్లో ఇంకొంచెం అని మూడు విడతలుగా పోసినా ఈ పద్ధతిలో ఏదీ జారిపోదు.

41 గ్రాములను 9తో గుణిస్తే 369. రౌండుగా 370. మిగతా 250 కలిపితే మొత్తం 620. ఇద్దరు సమానంగా తింటే ఒక్కొక్కరికి 310 కేలరీలు. అందులో గుడ్డు వాటా 70, నూనె వాటా 185. పేరుకి గుడ్ల సాలన్ గానీ, కేలరీల్లో సగానికి పైగా నూనెదే.

ఇదే సాలన్ రెండు టేబుల్ స్పూన్ల నూనెతో చేస్తే మనిషికి 250 చిల్లర, ఒక్క స్పూనుతో చేస్తే 190 దగ్గర ఆగుతుంది. ఇప్పుడు పచ్చసొన సంగతి చూడండి. ఇద్దరూ పచ్చసొన వదిలేస్తే మొత్తం మీద 110 కేలరీలు తగ్గుతాయి, కానీ గుడ్డులోని ప్రొటీన్‌లో దాదాపు నలభై శాతం కూడా దాంతోపాటే పోతుంది. ఒక స్పూను నూనె తగ్గిస్తే 125 తగ్గుతాయి, ప్రొటీన్ కొంచెం కూడా పోదు. కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని డాక్టరే పచ్చసొన వద్దన్నవాళ్ల విషయం వేరు, వాళ్లు ఆ మాటే పాటించాలి. ఇక్కడ చెప్పేది కేలరీల గురించి మాత్రమే.

హైదరాబాద్‌లో, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, రోజుకు 2000 కేలరీల భోజనానికి సూచించిన పళ్లెంలో నూనెలు, కొవ్వులు 27 గ్రాములు. ఇది రోజంతటికీ. పైన చెప్పిన సాలన్‌లో ఒక్కొక్కరి వాటాకే 20 గ్రాములు వచ్చేశాయి. పొద్దున దోసె, సాయంత్రం పకోడీ ఇంకా లెక్కలోకి రాలేదు.

ఇద్దరూ సమానంగా తినకపోతే ఎలా? ఒకరు గ్రేవీ ఎక్కువ వేసుకుంటారు, కొంత రాత్రికి మిగులుతుంది. అప్పుడు గ్రేవీని విడిగా తూచాలి. ఖాళీ గిన్నె బరువు వంటకు ముందే చూసి పెట్టుకోవాలి (ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ). వంట అయ్యాక గుడ్లు బయటికి తీసి, గ్రేవీతో గిన్నెను తూచి, అందులోంచి ఖాళీ గిన్నె బరువు తీసేయాలి. 360 గ్రాముల గ్రేవీ వచ్చిందనుకుందాం. మొత్తం 620లో గుడ్ల 140 పోతే గ్రేవీవి 480. దాన్ని 360తో భాగిస్తే గ్రాముకు 1.33. రెండు గరిటెలు, సుమారు 120 గ్రాములు, వేసుకున్నవాళ్లకి గ్రేవీ నుంచి 160, గుడ్డు 70, కలిపి 230. నీళ్లు ఎక్కువ పోస్తే గ్రాము లెక్క మారుతుంది గానీ గిన్నె మొత్తంలో ఉన్నవి మారవు. పల్చటి సాలన్‌లో కేలరీలు తక్కువ అనుకుని గిన్నె ఖాళీ చేస్తే చివరికి అంతే తిన్నట్టు.

ఈ లెక్కకి ఒక చిక్కు ఉంది. అది తరీ. నూనె పైకి తేలుతుంది కాబట్టి గ్రాముకు 1.33 అన్నది బాగా కలిపి వడ్డించినప్పుడే నిజం. పైపైన గరిటె తిప్పి మొదట వడ్డించినవాళ్ల ప్లేటులోకి తరీ ఎక్కువ వెళ్తుంది, అడుగున మిగిలింది తినేవాళ్లకి తక్కువ వస్తుంది. మన ఇళ్లల్లో మొదటి వడ్డన ఎవరికి జరుగుతుందో చెప్పక్కర్లేదు. చాలాసార్లు బరువు తగ్గమని డాక్టర్ చెప్పింది కూడా వాళ్లకే. సాలన్‌ని పది నిమిషాలు కదపకుండా ఉంచి పైన తేలిన తరీని స్పూనుతో తీసేయొచ్చు. తీసింది చిన్న గిన్నెలో వేసి తూస్తే 15 గ్రాములు వచ్చిందనుకోండి. అందులో కాస్త మసాలా నీరు కూడా కలిసి ఉంటుంది కాబట్టి వంద కేలరీలు పోయాయని లెక్క వేసుకోవచ్చు. కానీ ఆ తరీనే మర్నాడు ఖిచిడీలో వేస్తే లెక్క మళ్లీ ఇంట్లోకే వస్తుంది.

అసలు అంత నూనె ఎందుకు పడుతోంది? మసాలా భూనేటప్పుడు ‘నూనె పైకి తేలేదాకా’ అన్నదే మనకు తెలిసిన గుర్తు. 14 గ్రాములు పోసినచోట నూనె తేలదు. పచ్చిగా ఉందేమో అనుకుని ఇంకో ధార పోస్తారు. తక్కువ నూనెతో చేసేటప్పుడు గుర్తు మార్చుకోవాలి. ఉల్లిపాయ వేయగానే ఉప్పు వేసి మూత పెడితే దాని నీరుతోనే మగ్గుతుంది. అడుగంటుతుంటే నూనెకు బదులు రెండు స్పూన్ల నీళ్లు చల్లి గీకాలి, ఇలా మూడు నాలుగు సార్లు. టమాటా తొక్క విడిపోయి, అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయి, గరిటెతో నెడితే మసాలా ముద్దగా కదిలి కడాయి అడుగు కనబడితే అయిపోయినట్టే. రంగు మాత్రం ఎక్కువ నూనెలో వచ్చినంత ఎర్రగా రాదు. రుచిలో కూడా ఆ తేడా తెలుస్తుంది, తెలియదని చెప్పడం సరికాదు.

ఉడికిన గుడ్లను గాట్లు పెట్టి వేయించే అలవాటు గురించి భయపడక్కర్లేదు. గుడ్డు నూనెను పెద్దగా పీల్చుకోదు. వేయించిన నూనెలోనే ఉల్లిపాయ వేస్తే అదనంగా చేరేదేమీ ఉండదు. గుడ్లకు ఒక నూనె, గ్రేవీకి మళ్లీ కొత్త నూనె పోస్తేనే తేడా.

పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి వేయించి నూరి వేసే ఇళ్లల్లో ఈ అంకెలు చాలవు. ఆ మూడూ పదేసి గ్రాములు వేసినా 175 కేలరీల పైనే కలుస్తాయి. అది కూడా చాలావరకు నూనే, గింజలో దాగి ఉంటుంది అంతే. ఆ రకం సాలన్ చేసేటప్పుడు సీసా నూనె ఒక స్పూనుకు తగ్గించినా తరీ తేలుతుంది, ఎందుకంటే నూరిన ముద్దే నూనె వదులుతుంది.

ఇంకో సంగతి. ఇద్దరికి వండేటప్పుడే మనిషి వాటాకి నూనె ఎక్కువ పడుతుంది. కడాయి అడుగు అంతే, అది తడవడానికి కావాల్సిన నూనె అంతే. నలుగురికి నాలుగు గుడ్లు, ఉల్లి టమాటా మసాలాలు రెట్టింపు చేసినా నూనె 50 గ్రాములతో సరిపెట్టొచ్చు. అప్పుడు మొత్తం 950, మనిషికి 240 దాకా. మధ్యాహ్నానికి, రాత్రికి కలిపి ఒకేసారి వండి సగం ఫ్రిజ్‌లో పెట్టుకునే ఇంట్లోనూ ఇదే లెక్క పనిచేస్తుంది.

అన్నం, రొట్టె ఇందులో కలపలేదు. వండిన తెల్లన్నం 150 గ్రాములకు దాదాపు 195 కేలరీలు, 30 గ్రాముల పిండితో నూనె లేకుండా కాల్చిన పుల్కాకి వంద. సెహ్రీలో సాలన్‌తో పరాఠా తినేవాళ్లు పరాఠా కాల్చేటప్పుడు కూడా సీసాని ముందూ వెనకా ఒకసారి తూచి చూసుకోవాలి.